యూపీఎస్ గైడ్ తెలుగులోకి: ఫ్లోట్, అటానమీ, బైపాస్‌లకు ఏ మాట ఎంచుకోవాలి?

గుంటూరు కొత్తపేటలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ ఉందనుకోండి. రక్త పరీక్షల మెషీన్లు, రెండు ఫ్రిజ్‌లు, కంప్యూటర్లు అన్నీ 10 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్ మీద నడుస్తున్నాయి. పక్క గదిలో ర్యాక్ మీద 12 వోల్టులు, 42 ఆంపియర్-అవర్ బ్యాటరీలు 20 వరుసగా కలిపి ఉన్నాయి. యూపీఎస్‌తో వచ్చిన గైడ్ ఇంగ్లిష్‌లో ఉంది. ల్యాబ్ వాళ్లు దాన్ని తెలుగులో పెట్టమన్నారు. చదివేది ముగ్గురు: రాత్రి డ్యూటీ టెక్నీషియన్, పిలిస్తే వచ్చే ఎలక్ట్రీషియన్, బ్యాటరీలు మార్చాల్సి వచ్చినప్పుడు డబ్బు పెట్టే యజమాని.

ఇలాంటి గైడ్‌లో కష్టమైన మాటలు నిజానికి కొద్దే. కానీ ఆ కొద్ది మాటలను తప్పుగా తెలుగు చేస్తే బ్యాటరీలు ఉబ్బిపోతాయి, మెషీన్లు మధ్యలో ఆగిపోతాయి, ఒక్కోసారి మనిషికి షాక్ కొడుతుంది. అందుకే ఫ్లోట్ ఛార్జ్, అటానమీ, బైపాస్ అనే మూడింటినీ తీసుకుని, ఒక్కోదానికి ఉన్న దారులను పోల్చి, నేనైతే ఏది ఎంచుకుంటానో, ఎందుకో చెబుతాను.

దారులు ముఖ్యంగా మూడు. మొదటిది, ఇంగ్లిష్ మాటను తెలుగు అక్షరాల్లో రాసి ముందుకు వెళ్లడం. రెండోది, పాఠ్యపుస్తకాల తెలుగులో కొత్త మాట కట్టడం. మూడోది, జనం నోట్లో ఉన్న మాటను ఉంచి, అది చేసే పనిని తెలుగు వాక్యంలో చెప్పడం. మొత్తం గైడ్‌కు ఒకే దారి పట్టుకోవాలనే పట్టుదల చాలామందికి ఉంటుంది. ఇక్కడ అది పనికిరాదు. ఈ మూడు మాటలకూ మూడు వేర్వేరు సమాధానాలు వస్తాయి.

ఫ్లోట్: పేరు ఉంచండి, వోల్టేజ్ మాత్రం డబ్బా లెక్కలో రాయండి

ఫ్లోట్‌కు కొత్త మాట కట్టాలనుకునేవాళ్లకు మొదట తట్టేది తేలడం. "తేలే ఛార్జ్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ప్లవన ఆవేశం" అనేది ఫిజిక్స్ పుస్తకంలో నప్పుతుందేమో కానీ, ఎలక్ట్రీషియన్ దాన్ని రెండోసారి చదవడు. "నిర్వహణ ఛార్జ్" అని రాసేవాళ్లూ ఉన్నారు. అది వినడానికి బాగానే ఉంటుంది, అందుకే మరీ ప్రమాదం. అదే గైడ్‌లో సర్వీసింగ్ పనిని కూడా నిర్వహణ అనే రాస్తాం కాబట్టి, ఇది సర్వీస్ రోజున మాత్రమే పెట్టే ఛార్జ్ అని చదివేవాడు అనుకుంటాడు. అసలు సంగతి దానికి పూర్తిగా వ్యతిరేకం. ఫ్లోట్ అనేది ఏడాది పొడవునా, కరెంటు ఉన్నంతసేపూ నడిచేది.

పైగా చాలా ఛార్జర్ల ప్యానెల్ మీద FLOAT, BOOST అనే మాటలే వెలుగుతాయి. ప్యానెల్ మీద కనిపించే మాట గైడ్‌లో లేకపోతే గైడ్‌ని, మెషీన్‌ని జోడించుకునే పని చదివేవాడి మీద పడుతుంది. కాబట్టి ఫ్లోట్ ఛార్జ్ అనే పేరు ఉంచడమే మంచిది. కానీ పేరు ఒక్కటే సరిపోదు. మొదటిసారి వచ్చిన చోట నేను ఇలా రాస్తాను: "ఫ్లోట్ ఛార్జ్ అంటే, బ్యాటరీ నిండిన తర్వాత అది నిండుగానే ఉండేలా ఛార్జర్ ఆపకుండా ఇచ్చే స్థిరమైన వోల్టేజ్."

ఈ వాక్యంలో "వోల్టేజ్" అన్న మాట చాలా ముఖ్యం. ట్రికిల్ ఛార్జ్ అని మరొకటి ఉంది. దాన్నీ దీన్నీ కలిపి "చిన్న ఛార్జ్" అని రాసేస్తుంటారు. ట్రికిల్‌లో పంపేది నిర్ణీతమైన కొద్దిపాటి ఆంపియర్లు. ఫ్లోట్‌లో కదలకుండా ఉంచేది వోల్టేజ్. బ్యాటరీ తనకు కావలసినంతే తీసుకుంటుంది, నిండేకొద్దీ తీసుకునేది తగ్గుతుంది. ఎలక్ట్రీషియన్ మీటర్‌తో ఏం చూడాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక అంకె. సీల్డ్ లెడ్-యాసిడ్ బ్యాటరీల గైడ్‌లో సాధారణంగా, 25 డిగ్రీల దగ్గర ఒక్కో సెల్‌కు 2.25 నుంచి 2.30 వోల్టులు అని ఉంటుంది. దీన్ని అక్షరాలా తెలుగు చేస్తే తప్పేమీ లేదు, కానీ ఉపయోగమూ లేదు. సీల్డ్ డబ్బాలో ఉన్న ఆరు సెల్స్‌లో దేన్నీ విడిగా కొలవలేం. మన ఎలక్ట్రీషియన్‌కు బ్యాటరీ అంటే ఆ మొత్తం డబ్బా. కాబట్టి అనువాదంలోనే లెక్క చేసి, ఒక్కో బ్యాటరీకి 13.5 నుంచి 13.8 వోల్టులు, 20 బ్యాటరీల వరుస మొత్తానికి 270 నుంచి 276 వోల్టులు అని పక్కనే ఇవ్వాలి. మూలంలోని అంకెను తీసేయకూడదు, మార్చకూడదు. మీ గైడ్‌లో వేరే అంకె ఉంటే దాన్నే ఆరుతో, ఆ తర్వాత 20తో గుణించండి.

మన ప్రాంతానికి ఇందులో మరో సంగతి ఉంది. ఆ అంకె 25 డిగ్రీలకు చెప్పింది. మే నెలలో గుంటూరులో ఏసీ లేని బ్యాటరీ గది 40 డిగ్రీలకు చేరడం పెద్ద విశేషం కాదు. వేడి పెరిగితే ఫ్లోట్ వోల్టేజ్ తగ్గించాలి. ఒక్కో డిగ్రీకి సెల్‌కు సుమారు 3 మిల్లీవోల్టులు, అంటే 12 వోల్టుల డబ్బాకు దాదాపు 18 మిల్లీవోల్టులు. 40 డిగ్రీల దగ్గర అది డబ్బాకు పావు వోల్టుకు కాస్త పైన. ఇంగ్లిష్ గైడ్‌లో ఇది "ఉష్ణోగ్రత పరిహారం" అని తెలుగు చేయబుద్ధేసే ఒక చిన్న లైనులో ఉంటుంది. పరిహారం అంటే మనకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు గుర్తొస్తుంది. "గది వేడెక్కితే ఫ్లోట్ వోల్టేజ్ తగ్గాలి. మీ ఛార్జర్‌కు ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటే అదే తగ్గిస్తుంది, దాని వైరు బ్యాటరీల దగ్గరే ఉందో లేదో చూసుకోండి" అని రాస్తే పని జరుగుతుంది.

ఫ్లోట్‌ని బూస్ట్‌తో కలిపేస్తే ఏమవుతుందో కూడా ఆ పేజీలోనే ఉండాలి. బూస్ట్ ఛార్జ్ డబ్బాకు 14.1 నుంచి 14.4 వోల్టుల దాకా ఉంటుంది. బాగా దిగిపోయిన బ్యాటరీని త్వరగా నింపడానికి కొన్ని గంటలపాటు ఇచ్చేది అది. దాన్నే రోజుల తరబడి వదిలేస్తే సీల్డ్ బ్యాటరీలో నీరు గ్యాస్‌గా మారి వాల్వ్ గుండా పోతుంది. మళ్లీ పోయడానికి వీలుండదు. డబ్బా పక్కలు ఉబ్బడం, చేయి పెడితే మిగతావాటికంటే వేడిగా తగలడం దీనికి గుర్తులు. లిథియం బ్యాటరీల యూపీఎస్ అయితే ఈ అంకెలేవీ వర్తించవు. ఆ గైడ్‌ని ఆ గైడ్‌గానే చూడాలి.

అటానమీ: పేరే తీసేయండి

కరెంటు పోయాక బ్యాటరీల మీద ఎంతసేపు నడుస్తుందో చెప్పే మాట అటానమీ. దీనికి నిఘంటువు ఇచ్చేది స్వయంప్రతిపత్తి. యూనివర్సిటీలకు, ప్రాంతాలకు వాడే మాట అది. "బ్యాటరీ బ్యాంక్ స్వయంప్రతిపత్తి 90 నిమిషాలు" అని రాస్తే యజమాని నవ్వుకుని ఇంగ్లిష్ కాపీ అడుగుతాడు. "అటానమీ" అని తెలుగు లిపిలో రాసినా లాభం లేదు. ఫ్లోట్‌లాగా ఇది మెకానిక్‌ల నోట్లో కూడా నలిగిన మాట కాదు. విజయవాడ గవర్నర్‌పేటలో బ్యాటరీ షాపుకు వెళ్లినా, గుంటూరు అరండల్‌పేటలో అడిగినా, "బ్యాకప్ ఎంతసేపు వస్తుంది?" అన్నదే ప్రశ్న. మాట తయారుగా ఉంది. బ్యాకప్ సమయం అని రాయడమే సరైనది.

అయితే బ్యాకప్ అనే మాటకు ఒక ఇబ్బంది ఉంది. అది చాలా వదులైన మాట. గైడ్‌లో మూడు వేర్వేరు సమయాలు ఉంటాయి. ఒకటి, ఇంత లోడ్‌కు ఇంతసేపు రావాలని ముందే లెక్కగట్టి పెట్టుకున్నది. అటానమీ అంటే ఇదే. రెండోది, కరెంటు పోయాక స్క్రీన్ మీద తగ్గుతూ కనిపించే అంచనా. మూడోది, ఖాళీ అయిన బ్యాటరీలు మళ్లీ నిండడానికి పట్టే గంటలు. మూడింటికీ "బ్యాకప్" అని రాసేస్తే, స్క్రీన్ మీద 90 చూసి రాత్రంతా అదే నిజమని టెక్నీషియన్ నమ్ముతాడు. పక్క గదిలో మరో మెషీన్ ఆన్ చేయగానే ఆ అంకె ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి మొదటిదానికి బ్యాకప్ సమయం, రెండోదానికి మిగిలిన సమయం, మూడోదానికి మళ్లీ నిండే సమయం అని స్థిరపరచుకుని, చివరి పేజీ దాకా మార్చకుండా ఉంటే చాలు. బ్యాకప్ సమయం అని రాసిన ప్రతిచోటా ఎంత లోడ్‌కో కూడా చెప్పాలి. లోడ్ చెప్పని బ్యాకప్ సమయానికి అర్థం లేదు.

మన ల్యాబ్ లెక్కే చూద్దాం. నడిచే లోడ్ 4,000 వాట్లు. బ్యాటరీలోంచి వచ్చేదాన్ని ఏసీగా మార్చేటప్పుడు కొంత పోతుంది కాబట్టి, 92 శాతం సామర్థ్యం అనుకుంటే, బ్యాటరీల మీద పడేది దాదాపు 4,350 వాట్లు. బ్యాటరీల మీద రాసి ఉన్న సామర్థ్యం 240 వోల్టులు, 42 ఆంపియర్-అవర్.

```
240 × 42 = 10080 Wh
10080 ÷ 4350 ≈ 2.3 h
```

రెండు గంటల పావు పైన వస్తుందని యజమానికి అనిపిస్తుంది. అది రాదు. 42 ఆంపియర్-అవర్ అనేది బ్యాటరీని నెమ్మదిగా, పది గంటలో ఇరవై గంటలో పట్టేలా వాడినప్పుడు దక్కే మొత్తం. రెండు గంటల్లో లాగేస్తే అంత ఇవ్వదు. ఈ లోడ్‌కు కొత్త బ్యాటరీలతో గంటన్నర చుట్టుపక్కల వస్తుందని అనుకోవచ్చు. కచ్చితమైన అంకె బ్యాటరీ కంపెనీ ఇచ్చే డిశ్చార్జ్ పట్టికలో చూడాలి. బ్యాటరీ పాతబడి సామర్థ్యం 80 శాతానికి తగ్గితే మార్చాలన్నది ఈ రంగంలో నియమం. ఆ దశలో ఇదే ల్యాబ్‌కు గంటకు కాస్త పైన మాత్రమే వస్తుంది. లోడ్ 8,000 వాట్లకు పెరిగితే, కొత్త బ్యాటరీలతోనే సమయం సగం కంటే కిందికి పోతుంది.

ఇంగ్లిష్ గైడ్ దీన్నంతా "నామమాత్రపు సామర్థ్యం", "జీవితాంతపు అటానమీ" అని తెలుగు చేయబుద్ధేసే రెండు మాటల్లో ముగిస్తుంది. ఈ రెండూ తెలుగులో దారి తప్పించేవే. నామమాత్రం అంటే మనకు ఉండీ లేనట్టు, ఊరికే పేరుకు అని. జీవితాంతం అంటే బతికినంత కాలం. అక్షరాలా పెడితే, "బ్యాటరీ బతికినంత కాలం గంట బ్యాకప్ గ్యారంటీ" అని యజమాని చదువుకుంటాడు. "బ్యాటరీ మీద రాసి ఉన్న సామర్థ్యం", "బ్యాటరీ మార్చే వయసుకు వచ్చినప్పుడు వచ్చే బ్యాకప్ సమయం" అని విడమరచి రాయండి. పొడవైతే అయింది.

సోలార్ బ్యాటరీల గైడ్‌లలో అటానమీని నిమిషాల్లో కాక రోజుల్లో చెబుతారు. అక్కడ బ్యాకప్ సమయం కూడా సరిగ్గా కుదరదు. "ఎండ లేకపోయినా రెండు రోజులు నడుస్తుంది" అనడమే సూటిగా ఉంటుంది.

కరెంటు, తెరవడం, మూయడం

బైపాస్‌కు వెళ్లే ముందు రెండు చిన్న సంగతులు. మన ఊళ్లలో కరెంటు అంటే డిపార్ట్‌మెంట్ సప్లై. "కరెంటు పోయింది" అంటే అదే. గైడ్‌లో అదే మాట ఆంపియర్లకు కూడా వస్తుంది. "కరెంటు లేనప్పుడు బ్యాటరీ కరెంటు ఎక్కువ ఉండకూడదు" లాంటి వాక్యం ఎవరికీ అందదు. సప్లైకి కరెంటు, కొలతకు ఆంపియర్లు అని విడదీస్తే ఈ గొడవ ఉండదు.

రెండోది ఇంకా ముఖ్యం. ఇంగ్లిష్‌లో బ్రేకర్ తెరవడం అంటే ఆఫ్ చేయడం, మూయడం అంటే ఆన్ చేయడం. తెలుగులో "బ్యాటరీ బ్రేకర్ తెరవండి" అంటే వదలమన్నట్టు, అంటే ఆన్ చేయమన్నట్టు వినిపిస్తుంది. ఆ పక్కన ఉన్నది 270 వోల్టుల డీసీ. బ్రేకర్ మీద ON, OFF అని రాసే ఉంటుంది కాబట్టి ఆన్ చేయండి, ఆఫ్ చేయండి అని తప్ప వేరే మాట వాడొద్దు.

బైపాస్: ఒక్క మాటను రెండుగా విడదీయండి

బైపాస్‌ను తెలుగు చేయాల్సిన పనే లేదు. ప్యానెల్ మీద BYPASS అని ఉంటుంది, మాట అందరికీ తెలుసు. చిక్కు కూడా తెలిసిన మాట కావడంలోనే ఉంది. విజయవాడ మనిషికి బైపాస్ అంటే ఊళ్లోకి రాకుండా కాజ వైపు సాఫీగా తీసుకెళ్లే రోడ్డు. కాబట్టి యూపీఎస్ బైపాస్‌లో ఉందంటే అంతా సవ్యంగా ఉన్నట్టే తోస్తుంది. యూపీఎస్‌లో దాని అర్థం వేరు. యూపీఎస్ లోపల బ్యాటరీ డీసీని ఏసీగా మార్చే భాగమైన ఇన్వర్టర్‌ను పక్కన పెట్టి, బయటి కరెంటు నేరుగా మెషీన్లకు వెళుతోందని. ఆ సమయంలో కరెంటు పోతే బ్యాటరీలు నిండుగా ఉన్నా ల్యాబ్ మొత్తం ఆగిపోతుంది. వోల్టేజ్ ఎగిరితే అది నేరుగా మెషీన్లకే తగులుతుంది. అందుకే "బైపాస్" అని మొదటిసారి వచ్చిన చోటే, "ఈ స్థితిలో బ్యాటరీ రక్షణ ఉండదు" అనే వాక్యం అతికించాలి. రాత్రి డ్యూటీ టెక్నీషియన్‌కు గైడ్ మొత్తంలో ఇంతకంటే అవసరమైన వాక్యం లేదు.

బైపాస్‌లు రెండు. లోడ్ మితిమీరినా, ఇన్వర్టర్‌లో లోపం వచ్చినా యూపీఎస్ తనంతట తాను, మెషీన్లు ఆగకుండా మార్చుకునేది స్టాటిక్ బైపాస్. యూపీఎస్‌ని విప్పి బాగు చేయడానికి మనిషి చేత్తో స్విచ్ తిప్పి పెట్టేది మెయింటెనెన్స్ బైపాస్. "స్థిర బైపాస్" అని రాస్తే ఎప్పటికీ అలాగే ఉండేది అనుకుంటారు. అది నిజానికి కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్ అని చెప్పే మాట. నేనైతే మొదటిదాన్ని ఆటోమేటిక్ బైపాస్ అని, రెండోదాన్ని సర్వీస్ బైపాస్ అని రాసి, ప్యానెల్ మీద ఉన్న పేర్లను ఆ పక్కనే ఒక్కసారి ఇస్తాను. ఎవరు మారుస్తారన్నది పేరులోనే తెలియాలి.

ఎందుకంటే ఇంగ్లిష్ వాక్యం అది చెప్పదు. దాన్ని నేరుగా దించితే "లోడ్ బైపాస్‌కు బదిలీ చేయబడుతుంది" అని వస్తుంది. ఎవరు చేశారు? యూపీఎస్సా, నేనా? తెలుగులో "చేయబడుతుంది" అనేది ఎలాగూ నోటికి రాని వాక్యం, ఇక్కడ అది ప్రమాదకరం కూడా. "యూపీఎస్ తానే లోడ్‌ని బైపాస్‌కు మారుస్తుంది" అనో, "మీరు ప్యానెల్‌లో బైపాస్‌కు మార్చాలి" అనో రాయాలి. మూలం చదివితే ఏదన్నది తెలియకపోతే కంపెనీ సర్వీస్ ఇంజనీర్‌ని అడిగి తెలుసుకోవాలి. ఊహించి రాయకూడదు.

వరుస కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. చాలా యూపీఎస్‌లలో సర్వీస్ బైపాస్ స్విచ్ తిప్పే ముందు, ప్యానెల్ ద్వారా ఆటోమేటిక్ బైపాస్‌కు మార్చి తీరాలి. ఇన్వర్టర్ నడుస్తుండగానే స్విచ్ తిప్పితే, ఇన్వర్టర్ ఇచ్చే కరెంటూ బయటి కరెంటూ ఒకదానికొకటి ఎదురై ఇన్వర్టర్ కాలిపోవచ్చు. ఇంగ్లిష్ గైడ్ దీన్ని "స్విచ్ తిప్పే ముందు యూపీఎస్ బైపాస్‌లో ఉందని నిర్ధారించుకోండి" అని రాస్తుంది. తెలుగులోనూ ఇదే క్రమంలో పెడితే, కంటికి ముందు పడేది స్విచ్ తిప్పడం. చేయి ముందు దానిమీదికే పోతుంది. చేయాల్సిన క్రమంలోనే రాయండి:

"ముందు ప్యానెల్‌లో బైపాస్‌కు మార్చండి. స్క్రీన్ మీద BYPASS అని కనిపించాకే సర్వీస్ బైపాస్ స్విచ్ తిప్పండి. ఆ తర్వాత యూపీఎస్ అవుట్‌పుట్, ఇన్‌పుట్ ఆఫ్ చేయండి. చివరగా బ్యాటరీ బ్రేకర్ ఆఫ్ చేయండి. గైడ్‌లో చెప్పినన్ని నిమిషాలు ఆగి, మీటర్‌తో చూశాకే లోపల చేయి పెట్టండి."

"కనిపించాకే" అన్న ఆ చిన్న "కే" ఇంగ్లిష్‌లో చుట్టూ గీత గీసి విడిగా పెట్టే హెచ్చరిక చేసే పని చేస్తుంది. అడుగుల వరుస మాత్రం మోడల్‌ని బట్టి మారుతుంది. పైన ఇచ్చింది సాధారణ క్రమం, మీ ముందున్న గైడ్‌లో ఏది ఉంటే అదే పాటించాలి. అలాగే అన్నీ ఆఫ్ చేశాక కూడా బ్యాటరీల వరుసలో డీసీ ఉంటూనే ఉంటుందనీ, బ్రేకర్ ఆపింది యూపీఎస్‌కు వెళ్లే దారినే తప్ప బ్యాటరీలను కాదనీ విడిగా ఒక వాక్యం ఉండాలి.

అన్నిటికీ ఇంగ్లిష్ మాటలే తెలుగు లిపిలో ఉంచే మొదటి దారి ఎక్కడా పనికిరాదని కాదు. టెండర్ కాగితాలు, కొనుగోలు స్పెసిఫికేషన్లు, వారంటీ షరతులు తెలుగులో పెట్టాల్సి వస్తే అక్కడ అదే సరైనది. ఎందుకంటే వాటిని రేపు ఇంగ్లిష్ మూలంతో మాటకు మాట సరిచూస్తారు. అటానమీ అని కూడా అక్కడ ఉంచేయవచ్చు, మొదటి పేజీలో అర్థం ఇస్తే చాలు. పాఠ్యపుస్తకాల తెలుగు మాత్రం పాలిటెక్నిక్ విద్యార్థుల నోట్స్‌కు పనికొస్తుందే తప్ప, ర్యాక్ పక్కన గోడకు అంటించే కాగితానికి కాదు.

చిత్తుప్రతి అయ్యాక దాన్ని ఇంగ్లిష్ రాని టెక్నీషియన్ చేతిలో పెట్టి, ఆఫ్‌లో ఉన్న యూపీఎస్ ముందు నిలబెట్టండి. "అర్థమైందా" అని అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. "బైపాస్ లైట్ వెలిగింది, ఇప్పుడు కరెంటు పోతే ఏమవుతుంది? సర్వీస్‌కు ఇవ్వాలంటే ముందు దేనిమీద వేలు పెడతారు?" అని అడగండి. వేలు తప్పు చోటికి వెళితే మార్చాల్సింది ఆ వాక్యాన్ని.